ఉప్పు గట్టు ఎక్కుతున్న ఆడవాళ్ళు

మ్యూజియంలో ఆమెను అందరూ మెట్ల మేడం అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. గైడు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏ గుంపును వెంటబెట్టుకొచ్చినా మొదటి అంతస్తు మెట్ల మలుపులో ఆపేసేది. అక్కడ గోడకు ఒక పెద్ద బొమ్మ. గోధుమరంగు పొగలో నానబెట్టినట్టు ఉండే బొమ్మ. తలల మీద గంపలతో ఆరుగురు ఆడవాళ్ళు ఉప్పు మడుల్లోంచి గట్టు మీదికి నడుస్తుంటారు. ఆ మలుపు కిందే మరుగుదొడ్లు. అందుకని ఆ చోట జనం ఆమెను ఎక్కువగా అడిగే ప్రశ్న బొమ్మ గురించి కాదు.

"కుడివైపు వెళ్ళండి, చేతులు కడుక్కుని వచ్చి ఇది చూడండి" అనేది ఆమె. కడుక్కున్నవాళ్ళు చాలామంది పైకి వచ్చేవాళ్ళే కాదు.

ఆమెకు ఆ బొమ్మ ఎందుకంత ఇష్టమో ఆమే సరిగ్గా చెప్పలేకపోయేది. మ్యూజియం నిండా రాజులున్నారు, రాణులున్నారు, వాళ్ళ కుక్కలకు కూడా బంగారు చట్రాలున్నాయి. పని చేస్తూ కనిపించే మనుషులు మాత్రం ఈ ఒక్క చట్రంలోనే ఉన్నారు. అందుకే వాళ్ళను మెట్ల దగ్గర పెట్టారేమో, పనివాళ్ళ దారి అటే కదా అని ఆమె మూతి తిప్పుకునేది.

ఆ ఏడాది మ్యూజియానికి లిఫ్టు మంజూరైంది. సంతోషమే. ముసలివాళ్ళు, చక్రాల కుర్చీల వాళ్ళు ఇన్నాళ్ళూ కింది హాలు చూసి వెనక్కి తిరిగిపోతున్నారు. లిఫ్టు కావాలని అందరికంటే గట్టిగా అరిచినదీ మెట్ల మేడమే. తీరా లిఫ్టుకు కొట్టేయాల్సిన గోడ ఆ బొమ్మ ఉన్న గోడే అయి కూర్చుంది.

"మరి బొమ్మ ఎక్కడికి సార్?" అని డైరెక్టరును అడిగింది.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు, మాట సూటిగా చెప్పేవాడు. "కింద గిడ్డంగిలోకమ్మా. హాళ్ళలో మొదటి వరుస బొమ్మలకే చోటు చాలడం లేదు. ఇదేమో గొప్ప చిత్రకారుడిది కాదు, ఆయన శిష్యుల పని. బొమ్మల గురించి అందరూ నమ్మే ఆ మహా పుస్తకంలో దీన్ని 'దిగజారే బొమ్మ' అన్నారు. నేనేం చెప్పి దీనికి గోడ ఇప్పించను?"

గిడ్డంగి అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అక్కడికి పోయిన బొమ్మలు పాడైపోవు. చల్లగా, భద్రంగా ఉంటాయి. వాటిని ఎవరూ చూడరు, అంతే. చూడని బొమ్మ గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడనిదాన్ని పైకి తెమ్మని ఎవరూ అడగరు. మనుషుల్ని మాయం చేసే పద్ధతీ దాదాపు ఇదే.

ఆ ఆదివారం ఇంట్లో అత్తగారు చొక్కాకు గుండీ కుడుతూ, "అమ్మాయ్, ఆ గుండీల డబ్బా ఇలా అందుకో" అంది. పాత బిస్కెట్ల రేకు డబ్బా. మూత మీద ఈ ఉప్పు మోసే ఆడవాళ్ళే. ఒకప్పుడు ఆ డబ్బా లేని ఇల్లు ఉండేది కాదు. దాని మూలంగానే పెద్దమనుషులు ఈ బొమ్మను "డబ్బా బొమ్మ" అని ఎగతాళి చేసేవాళ్ళని కోడలికి తెలుసు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్న మూతే. ఆ రోజు మాత్రం అది చేతిలోనే ఆగిపోయింది.

మూత మీద ఆడవాళ్ళు దిగుతున్నట్టు ఉన్నారు.

"ఏంటే, డబ్బాలో తేలు గాని ఉందా?" అంది అత్తగారు.

"కాదత్తయ్యా. మా మ్యూజియంలో వీళ్ళు కింద ఎడమవైపు నుంచి పైన కుడివైపుకి ఎక్కుతుంటారు. ఇక్కడ చూడండి, ముందున్నామె ఎడమ మూలన పైన ఉంది. చూపు అక్కడ మొదలుపెడితే కుడివైపు కిందికి జారిపోతోంది."

భర్తది రబ్బరు స్టాంపుల దుకాణం. పడక కుర్చీలోంచి లేవకుండానే, "ఇందులో వింతేముంది? చెక్కినవాడు తిప్పి చెక్కి ఉండడు. మా కుర్రకారు మొదట్లో చేసే పనే. అచ్చు గుద్దితే ఏదైనా తిరగబడుతుంది కదా" అన్నాడు.

"నీ స్టాంపుల గొడవ నా కోడలికి అంటించకు" అంది అత్తగారు. "అయినా ఎక్కితే ఏంటి, దిగితే ఏంటి? బరువు బరువేగా?"

కోడలికి మహా పుస్తకంలోని వాక్యం గుర్తొచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందటి విమర్శకుడు రాసినది, ఆ తర్వాత ప్రతివాడూ ఎత్తి రాసుకున్నది. "ఎడమ మూల గట్టు మీద మొదలైన చూపు, ఆ బరువులతో పాటే కుడివైపు బురదలోకి జారిపోతుంది, చూసేవాడి మనసూ జారుతుంది, ఇది దిగజారే బొమ్మ." ఇన్నేళ్ళూ దాన్ని ఆమె గంభీరమైన మాటకారితనం అనుకుంది. కాదు. ఆయన తన ముందున్నదాన్ని ఉన్నదున్నట్టు రాశాడు. కాకపోతే ఆయన ముందున్నది ఈ బొమ్మ కాదు, దీని తిరగబడిన అచ్చు.

మర్నాడు డైరెక్టరు గదిలోకి దాదాపు పరిగెత్తింది. "సార్, ఆ మహానుభావుడు బొమ్మను చూడనే లేదు! మన బొమ్మ పరువు తీసింది ఒక్క మనిషి, ఒక్క వాక్యం!"

డైరెక్టరు కళ్ళజోడు తీసి శాంతంగా విన్నాడు. నిజంగానే ఆసక్తిగా విన్నాడు. చివర్లో, "బాగుందమ్మా. చూడలేదనే నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పండి. ఆ రోజుల్లో తిరగబడి అచ్చైన బొమ్మలు వేలకు వేలు. వాటిలో చాలావాటి పేరు చెక్కుచెదరలేదు. మరి దీనికే ఎందుకు పోయింది?" అన్నాడు.

మంచి ప్రశ్న. ఒక దుర్మార్గుణ్ణి పట్టుకుంటే కథ తేలిపోతుందనుకోవడం ఉద్యమాల్లో తిరిగినవాళ్ళకుండే జబ్బే, ఆమెకూ ఉండేది. యూనియన్ గేటు మీటింగుల్లో అది పనికొస్తుంది. మూడున్నర శతాబ్దాల కథకు చాలదు.

మళ్ళీ మొదటి నుంచీ వెతకడం మొదలుపెట్టింది. సెలవు రోజుల్లో గ్రంథాలయం, పాత అచ్చుబొమ్మల గది. ఏయే కాలంలో ఎవరు ఈ బొమ్మను చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, ఏ వెలుతురులో చూశారు, అసలు చూశారా లేదా, చూసి ఏమన్నారు. బొమ్మ గీసినవాడి జీవితం కాదు ఆమెకు కావలసింది, చూసినవాళ్ళ జీవితం.

మెల్లగా కథ విచ్చుకుంది. బొమ్మ గీయించినది ఉప్పు వర్తకుల సంఘం, తమ సభాభవనం కోసం. వాళ్ళకు ఆడవాళ్ళ మీద ప్రేమేం పొంగిపొరలలేదు. తమ సరుకు తెల్లదనం మీద ప్రేమ. అయినా చిత్రకారుడు అడిగినదాని కంటే ఎక్కువ ఇచ్చాడు. తెలుపు మీద తెలుపు ఎలా వేశాడో నేర్చుకోవడానికి వేరే ఊళ్ళ చిత్రకారులు వచ్చి నకళ్ళు తీసుకున్నారు. ఆ నకళ్ళన్నిటిలోనూ ఆడవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు, ఎందుకంటే అవి అసలు ముందు కూర్చుని వేసినవి. ఒక యాత్రికుడు తన ప్రయాణాల పుస్తకంలో రాశాడు: "దీని ముందు నిలబడేసరికి నాకు తెలియకుండానే నా నడుం నిటారైంది." అదీ బొమ్మకు మొదటి పేరు. చూసినవాడి నడుం నిటారు చేసే బొమ్మ.

తర్వాత అచ్చు వచ్చింది. రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా నింపి, కాగితం మీద నొక్కుతారు. రేకు మీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమవైపు అవుతుంది. జాగ్రత్త గలవాడు అద్దంలో చూస్తూ చెక్కుతాడు, తిరగబడింది మళ్ళీ తిరగబడి సరిపోయేలా. ఈ చెక్కేవాడికి అంత ఓపిక లేదు. మెట్ల మేడం భూతద్దం పెట్టి చూస్తే అచ్చు కింద ఆయన సంతకం మాత్రం సుబ్బరంగా, సరిగ్గా చదవడానికి వీలుగా ఉంది. తన పేరును కష్టపడి తిప్పి చెక్కుకున్నాడు. ఆడవాళ్ళను తిప్పలేదు.

అయితే అచ్చు వల్ల బొమ్మ పేరు పడిపోలేదు. పెరిగింది! అక్కడే ఆమె ఉలిక్కిపడింది. అసలు బొమ్మ వర్తకుల భవనంలో తాళాల వెనక ఉంటే, అచ్చు ఊరూరా తిరిగింది. కాకపోతే జనం మాటలు మారాయి. "ఈ అభాగినులను చూసి కన్నీరు ఆగలేదు" అన్నారు. అచ్చు కింద ఏడుపు పద్యాలు అచ్చేశారు. చూపు కిందికి జారుతుంది కాబట్టి ఆడవాళ్ళు కూలబడబోతున్నట్టు కనిపించారు. నిటారు నడుముల బొమ్మ జాలి బొమ్మ అయింది. జాలి బాగా అమ్ముడుపోయింది. పై వాడికి కింది వాణ్ణి గౌరవించడం కష్టం గాని, జాలిపడటానికి ఏం ఖర్చవుతుంది?

జాలికి ఉన్న చిక్కు ఏమిటంటే అది విసుగుపుట్టిస్తుంది. తరం మారింది. ఏడిపించే బొమ్మలు చవకబారువన్నారు. సరిగ్గా అప్పుడే మహా విమర్శకుడు తన ఇంట్లో అచ్చుల కట్ట ముందేసుకుని ఆ వాక్యం రాశాడు. అప్పటికి వర్తకుల సంఘం దివాలా తీసింది, బొమ్మ ఒక జమీందారు భోజనాల గదిలో, అందనంత ఎత్తున, కొవ్వొత్తుల పొగకు వేలాడుతోంది. పైపూత పచ్చబడి, గోధుమరంగుకు తిరిగింది. ఎవరైనా వెళ్ళి చూసినా మబ్బుగా, నీరసంగా కనిపించి, విమర్శకుడి మాటే నిజమనిపించేది. ఇక ఆఖరి దెబ్బ: అంత గొప్ప చిత్రకారుడు ఇలాంటి నీరసపు బొమ్మ గీయడు కాబట్టి ఇది శిష్యుల పనే అయ్యుంటుందన్నారు. శిష్యుల పని కాబట్టి ఎవరూ పోయి చూడక్కర్లేదన్నారు. చూడలేదు కాబట్టి ఆ మాట తప్పని ఎవరికీ తెలియలేదు. ఆ పైన బిస్కెట్ల డబ్బా. వంటింటి డబ్బా మీదికి ఎక్కినదాన్ని హాలు గోడ మీదికి ఎక్కనివ్వడానికి పెద్దమనుషులకు చేతులు రాలేదు.

ఈసారి డైరెక్టరు గదిలోకి ఆమె పరిగెత్తలేదు. కూర్చుని చెప్పింది. "మిగతా బొమ్మల్లో ఎటు తిరిగినా అర్థం మారదు సార్. గిన్నె ఎడమ పక్కనున్నా గిన్నే. దీని ప్రాణమంతా ఎక్కడంలో ఉంది. మనం ఎడమ నుంచి కుడికి చదివేవాళ్ళం, బొమ్మనీ అలాగే చూస్తాం. తిప్పితే గర్వం జాలి అయింది. జాలి పాతబడి చులకన అయింది. పొగ, ఎత్తు, తాళం, అభిరుచి, అన్నీ కలిశాయి. ఒక్కడి తప్పు కాదు. నేను మొన్న తొందరపడ్డాను."

డైరెక్టరు బల్ల మీది క్యాలెండరు దగ్గరికి లాక్కున్నాడు. "పెద్ద హాల్లో ఒక గోడ ఖాళీ అయింది. బయటి నుంచి రావాల్సిన బొమ్మ రావడం లేదు. ప్రదర్శనకు నెల రోజులు మీకిస్తాను. బొమ్మను ఒక్కదాన్నే కాదు, ఈ కథంతా పెట్టండి. జనం ఆగి చూస్తే బొమ్మ హాల్లోనే ఉంటుంది, బోర్డుకు నేను చెప్పుకుంటాను. ఆగకపోతే గిడ్డంగి. మళ్ళీ నా గదికి రాకూడదు."

"రాను సార్" అందామె.

బొమ్మలు బాగుచేసే ఆవిడ పని మొదలుపెట్టింది. పుల్లకు చుట్టిన దూదిని మందులో ముంచి, ఆకాశం మూల గోరంత మేర మెల్లగా దొర్లించింది. దూది టీ డికాక్షను రంగుకు తిరిగింది. గోరంత మేర కింద తెల్లవారుజాము బయటపడింది.

"అయ్యో నా తల్లీ" అంది మెట్ల మేడం.

"ఏడిస్తే దూరంగా నిలబడి ఏడువక్కా, బొమ్మ మీద పడుతుంది" అంది ఆవిడ, దూది మారుస్తూ. వారాల తరబడి పని చేశాక, ఈ తెలుపులో పొర మీద పొర వేసిన తీరు ఆ చిత్రకారుడి మిగతా బొమ్మల్లో ఉన్నట్టే ఉందని చెప్పింది. "ఆయనదే అని ప్రమాణం చేయను. శిష్యులదే అని మాత్రం ఇక ఎవరూ అనలేరు."

అంతా సవ్యంగా నడుస్తోందనుకునేసరికి పోస్టర్లు వచ్చాయి.

వచ్చాయంటే ఆఫీసుకు కాదు. అచ్చు పూర్తయి, ఊరంతా అంటించడమూ అయిపోయింది. మెట్ల మేడం బస్సు దిగి, స్టాపు గోడ వైపు చూసింది. నిలువెత్తు రంగుల్లో ఆరుగురు ఆడవాళ్ళు దిగుతున్నారు.

కంప్యూటరు గదిలోకి వెళ్ళి నిలదీసింది. అక్కడి ఆపరేటరు అమాయకంగా చూశాడు. "మ్యూజియం లోగో కుడి మూలనే ఉండాలని రూలు కదా మేడం. అక్కడేమో ముందున్నామె తల అడ్డొచ్చింది. అందుకని బొమ్మను కొంచెం... తిప్పాను. చాలా బాగా కుదిరింది!"

"కుదిరింది నాయనా. ఆ రాగిరేకు వాడికీ ఇలాగే కుదిరింది."

డైరెక్టరు మొహం చూడాలి అప్పుడు. "బొమ్మ తిరగబడటం గురించే కదమ్మా మన ప్రదర్శన! దాని పోస్టరే తిరగబడిందంటే పత్రికలవాళ్ళు మనల్ని పాతేస్తారు. అన్నీ చింపించేయండి. ప్రదర్శన ఆపేద్దాం."

ఆపేయడమంటే గిడ్డంగే. ఆమె గుండె ఒక్క క్షణం నిజంగానే జారింది. మరుక్షణం ఆమెకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. "వద్దు సార్! చింపకండి. ఇంతకంటే మంచి వస్తువు మన దగ్గర ఇంకోటి లేదు. ఇలాగే జరిగిందని నేను నెల రోజులు చెప్పినా జనం నమ్మరు, అప్పుడెప్పుడో ఎవడో తెలివితక్కువవాడు చేశాడనుకుంటారు. ఇప్పుడు మనమే చేశాం. మంచి మనసుతో, రూలు ప్రకారం, ఎవరికీ తెలియకుండా. దీన్నీ గోడకు పెడదాం. ఊళ్ళో ఉన్నవాటి మీద ఒక చీటీ అంటిద్దాం."

"ఏమని?"

"ఈ బొమ్మ తిరగబడింది. సరైనది లోపల ఉంది. వచ్చి చూడండి."

డైరెక్టరు ఆమె వైపు, కిటికీ వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "నా పరువు పోతుంది" అన్నాడు. తర్వాత, "పోతే పోనీండి. ఆ బొమ్మకు పోయినంత పోదుగా" అన్నాడు.

చీటీలు అంటించిన మూడో రోజుకే ఊళ్ళో ఇదే మాట. బస్సులో జనం తలలు వంచి చూశారు. ఎటు తిరగబడింది, ఏం తేడా ఉంది అని టీ కొట్టు దగ్గర వాదించుకున్నారు. మ్యూజియం తలుపులు తీసేసరికి బయట వరుస మలుపు తిరిగింది.

లోపల ఆమె అన్నీ కాలం వరుసలో పెట్టింది: రాగి అచ్చు, ఏడుపు పద్యాలు, విమర్శకుడి వాక్యం పెద్ద అక్షరాల్లో, పొగబట్టిన బొమ్మ ఫొటో, అత్తగారు గుండీలు ఖాళీ చేసి ఇచ్చిన డబ్బా, ఆపైన మొన్నటి పోస్టరు. దాని పక్కన ఆపరేటరు స్వయంగా రాసిన సంజాయిషీ. దాన్ని చదివి అందరూ నవ్వారు, కానీ వాడి మీద కాదు. చివర మలుపు తిరగగానే అసలు బొమ్మ. తెల్లవారుతున్న ఆకాశం, మెరుస్తున్న ఉప్పు, ఎక్కుతున్న ఆరుగురు.

నవ్వుతూ వచ్చినవాళ్ళు అక్కడ ఆగిపోయారు. వెనకవాళ్ళు ముందుకు జరగమంటున్నా కదలలేదు.

మధ్యాహ్నం గేటు దగ్గర గలాటా వినిపించింది. మార్కెట్టులో బరువులు మోసే ఆడవాళ్ళు, మెట్ల మేడం పిలిస్తే పనిలోంచి నేరుగా వచ్చారు. తలచుట్టలు చేతుల్లోనే ఉన్నాయి. సామాన్లతో లోపలికి పంపకూడదని సెక్యూరిటీ అడ్డం నిలబడ్డాడు.

"ఇది సామానా? గుడ్డ!" అంటోంది వాళ్ళ యూనియన్ పెద్దక్క. "లోపల గోడ మీదున్నవాళ్ళ నెత్తిన గంపలకు గంపలున్నాయట, వాళ్ళనెలా రానిచ్చావు మరి?"

వరుసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మెట్ల మేడం వెళ్ళి, "వీళ్ళు నా అతిథులు" అని పెద్దక్క చేయి పట్టుకుంది. సెక్యూరిటీ పక్కకు తప్పుకున్నాడు, తనూ నవ్వు ఆపుకోలేక.

వాళ్ళు అచ్చుల దగ్గరా పద్యాల దగ్గరా ఎక్కువసేపు ఆగలేదు. ఏడుపు పద్యం ఒకటి చదివించుకుని, "మన గురించి ఎవడో తెగ బాధపడ్డాడే, కూలి పెంచమని మాత్రం రాయలేదు" అంది ఒకామె. అసలు బొమ్మ ముందుకు వచ్చాక అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

"ముందు నడిచేది అచ్చం మా అత్తే. ఆ చూపు చూడు, నువ్వెవరివిరా అన్నట్టు."

"మీ అత్తకంత అందమెక్కడిది? అది మా పెద్దమ్మ."

"మూడోది కొత్తగా వచ్చింది, మెడ బిగబట్టింది. దానికి వెనకామె ఏదో చెబుతోంది."

"ఏం చెబుతుంది, పదవే ఎండెక్కుతోంది అంటుంది."

వరుసలో వచ్చినవాళ్ళు బొమ్మను చూస్తూ వీళ్ళ మాటలు వింటున్నారు. కోటు వేసుకున్న ఒక పెద్దాయన, "నాలుగో ఆమె సంగతేంటమ్మా?" అని అడిగాడు. ఐదుగురు ఐదు జవాబులు చెప్పారు. ఎవరి నడుమూ వంగి లేదు.

డైరెక్టరు వెనక నిలబడి అదంతా చూస్తున్నాడు. నెల కాలేదు, మొదటి రోజైనా గడవలేదు. అయినా ఆయన మెట్ల మేడం దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "బోర్డు చైర్మన్ ఇందాక వచ్చి వెళ్ళారు. ఆయనా ఇక్కడ అరగంట ఇరుక్కుపోయారు. బొమ్మ ఇక ఈ గోడ మీదే ఉంటుందమ్మా. కార్డు మీద 'శిష్యుల పని' తీసేయమన్నాను."

ఆమె బొమ్మ వైపు తిరిగింది.

"వెళ్ళండి, చుట్టూ ఇంతమంది ఉన్నారు. వివరించరా?" అన్నాడు డైరెక్టరు.

ఆమె కళ్ళు తుడుచుకుని గుంపు వైపు చూసింది. ముందామె అత్తా పెద్దమ్మా అన్న పంచాయితీ ఇంకా తెగలేదు. కోటు పెద్దాయన కూడా అత్త పక్షం చేరిపోయాడు.

"వాళ్ళు చెబుతున్నారుగా సార్" అని, ఆమె వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడి వినసాగింది.